అమ్మ ఇంట్లో సెన్సర్లు, ఒక రోబో: మా పది నెలల అనుభవం

మా అమ్మకు 76 ఏళ్లు. నాన్న పోయినప్పటి నుంచి తెనాలిలో పాత డాబా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. నేను హైదరాబాదులో, తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరి ఇళ్లలోనూ ఆమె నెల రోజులకు మించి నిలవలేదు. 2024 నవంబర్ 15న, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున, దీపాలు పెట్టడానికి తలస్నానం చేసి వస్తూ స్నానాలగది గుమ్మం దగ్గర జారిపడింది. అప్పుడు సుమారు నాలుగూ నలభై. పనిమనిషి వచ్చి పెరటి తలుపు కొట్టేసరికి ఏడుంపావు. ఆ రెండున్నర గంటలూ అమ్మ తడిబట్టలతో గచ్చు మీదే పడి ఉంది. ఆమె ఫోను పడకగదిలో మంచం మీద ఉంది. పండుగ రోజని నేను ఆరున్నరకు చేసిన ఫోను మోగడం ఆమెకు వినబడుతూనే ఉందట.

ఎడమ మణికట్టు విరిగింది. అయితే ఆసుపత్రిలో డాక్టరుగారు చేతి ఎముక కన్నా ముందు అడిగింది, ఎంతసేపు పడి ఉన్నారని. గట్టి నేల మీద ఒకే వైపు గంటల తరబడి పడి ఉంటే ఒత్తిడికి కండరాలు దెబ్బతిని, వాటి నుంచి విడుదలయ్యే పదార్థాలు మూత్రపిండాలకు చేటు చేస్తాయని చెప్పి, రక్తపరీక్ష చేయించి సెలైను పెట్టారు. అదృష్టవశాత్తూ పరీక్షలో ఏమీ తేలలేదు. మేము మాత్రం ఆ రోజు, పడటం కన్నా పడి ఉండటం ప్రమాదమన్న ఒక్క మాటనే పట్టుకుని మిగతా నిర్ణయాలన్నీ తీసుకున్నాం.

కట్టు ఉన్నంతకాలం అమ్మ నా దగ్గరే ఉంది. డిసెంబర్ 22న తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. 27న కట్టు విప్పారు, 28న ముగ్గురం తెనాలి చేరాం. ఆ రోజే సెన్సర్లు బిగించాం. ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. మేము అమ్మను "పెట్టించమంటావా" అని అడగలేదు. "ఇవి పెడుతున్నాం అమ్మా" అని చెప్పాం. ఆమె "మీ ఇష్టం" అంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు "మీ ఇష్టం" అంటే ఏమిటో తెలిసి కూడా, దాన్ని మేమిద్దరం ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాం.

పెట్టినవి ఇవి: నాలుగు గదుల్లో కదలికను పసిగట్టే సెన్సర్లు, వీధి తలుపుకూ పెరటి తలుపుకూ తెరుచుకున్నదీ మూసుకున్నదీ చెప్పే అయస్కాంతపు సెన్సర్లు, నొక్కితే మా ఫోన్లు మోగే రెండు మీటలు, హాల్లో మనిషి పడిపోతే గుర్తించే ఒక రాడార్ పరికరం, వీటన్నిటినీ ఇంటర్నెట్‌కు కలిపే ఒక చిన్న పెట్టె. మొత్తం ఖర్చు 22,600 రూపాయలు. ఇవి కాక తమ్ముడు అమెరికా నుంచి దాదాపు 900 డాలర్లు పెట్టి కొన్న ఒక రోబో తెచ్చాడు. మోకాలి ఎత్తు ఉంటుంది, చక్రాల మీద తిరుగుతుంది, ముఖం స్థానంలో తెర, దాని పైన కెమెరా. మందుల వేళ గుర్తుచేస్తుంది, మాట్లాడుతుంది, తమ్ముడు అక్కడి నుంచి దాన్ని నడిపిస్తూ ఇల్లంతా చూడగలడు. నెలకు ఇంకో 30 డాలర్లు చందా.

నేను సందేహిస్తుంటే వాడు ఉదాహరణలు చెప్పాడు. జపానులో సీల్ పిల్ల రూపంలో ఉండే పారో అనే రోబోను మతిమరుపు జబ్బున్న వృద్ధుల దగ్గర ఏళ్లుగా వాడుతున్నారనీ, న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వపు వృద్ధుల శాఖే 2022లో ఒంటరి పెద్దవాళ్లకు ఎల్లీక్యూ అనే బల్లమీది రోబోలను వందల సంఖ్యలో ఇవ్వడం మొదలుపెట్టిందనీ అన్నాడు. రెండూ నిజమే. కానీ ఆ రెండూ ఉన్నచోట కదలకుండా ఉండేవి. మావాడు తెచ్చింది నడిచేది, అమ్మ ఇల్లేమో గడపలున్న ఇల్లు.

మొదటి పరాభవం దానికి అక్కడే జరిగింది. మా గడపలు రెండున్నర అంగుళాల ఎత్తు. రోబో ప్రతి గడప దగ్గరా ముందుకూ వెనక్కూ ఊగి, దారి లేదని తెరమీద చూపించి వెనుదిరిగేది. గడపకు అటూ ఇటూ చెక్కతో వాలుగా వేయిద్దామని తమ్ముడన్నాడు. "పసుపు రాసే గడపకు మేకులు కొడతావురా" అని అమ్మ అడిగింది. ఆ సంగతి అంతటితో ముగిసింది. ఆ విధంగా రోబో హాలుకే పరిమితమైంది. అమ్మ పడింది స్నానాలగది దగ్గర కాబట్టి, మళ్లీ పడినా దానికి కనబడే అవకాశమే లేదు. పైగా రాత్రిపూట చార్జింగు కోసం తన చోటికి వెళుతూ దారిలో ఆగిపోతే, చీకట్లో అదే కాళ్లకు తగులుతుంది. రెండోసారి అలా జరిగాక, రాత్రి ఎనిమిది దాటితే కదలకుండా దానికి సెట్టింగు మార్చాం.

జనవరి నెలంతా తప్పుడు హెచ్చరికలతోనే గడిచింది. రాడార్ పరికరం మనిషి ఆకారాన్ని కెమెరాలా చూడదు. ఒంటి కదలికను రేడియో తరంగాలతో పసిగట్టి, ఆ కదలిక నేలకు ఎంత ఎత్తులో ఉందో లెక్కగడుతుంది. ఎత్తు హఠాత్తుగా తగ్గి, తర్వాత అక్కడే కిందనే ఉండిపోతే పడిపోయారని అనుకుంటుంది. కుర్చీలో కూర్చుని మంచం మీద పడుకునే మనుషులకు అది సరిపోతుందేమో. మా అమ్మ నేల మీద కూర్చుని కూర తరుగుతుంది, గోడకు చేరగిలబడి పూలు కడుతుంది, మధ్యాహ్నం ఫ్యాను కింద చాప వేసుకుని ఒరుగుతుంది. ఇవన్నీ ఆ పరికరం దృష్టిలో పడిపోవడాలే. జనవరి 3 నుంచి 19 వరకు నాకు 41 హెచ్చరికలు వచ్చాయి. ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి ఫోను చేస్తే, "గోంగూర బాగు చేస్తున్నానే" అని జవాబు. ఇరవయ్యో సారికి నేను కంగారుపడటం మానేశాను, నిజానికి అదే అన్నిటికన్నా ప్రమాదం. చివరికి దాన్ని హాల్లోంచి తీసి స్నానాలగది లోపల, నీళ్లు పడనంత ఎత్తున పెట్టాం. అక్కడా ఆమె పీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటుంది కాబట్టి మొదటి రోజుల్లో మోగింది. పీట తీసేసి, జారని కాళ్లున్న ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు కొన్నాక తగ్గింది. ఆ స్టూలు 450 రూపాయలు. నా లెక్కలో మొత్తం సరంజామాలో అమ్మను పడకుండా కాపాడే వస్తువు ఏదైనా ఉంటే అదొక్కటే, మిగతావన్నీ పడ్డాక చెప్పేవి.

రెండో చిక్కు స్విచ్చులది. మా గోడలు 18 అంగుళాల మందం. పెరటివైపు సెన్సర్ల సంకేతం హాల్లోని పెట్టెకు అందేది కాదు. బ్యాటరీతో నడిచే సెన్సర్లు ఒకదాని సంకేతాన్ని ఇంకొకటి అందుకుని ముందుకు పంపవు, కరెంటుకు తగిలించిన పరికరాలే ఆ పని చేస్తాయి. అందుకని మధ్యగదిలో ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టాం. పగలంతా బాగానే ఉండేది, రాత్రి తొమ్మిదిన్నరకు సరిగ్గా వెనక గదులు మాయమయ్యేవి. వారం రోజులు కంపెనీ వాళ్లకు మెయిళ్లు రాశాక తెలిసిందేమిటంటే, అమ్మ పడుకోబోయే ముందు వాడని స్విచ్చులన్నీ ఆపడం యాభై ఏళ్ల అలవాటు. ఆ ప్లగ్గుకున్న గోడ స్విచ్చునూ ఆపేస్తోంది. దాని మీద టేపు వేశాం.

కరెంటు పోతే మరో తంటా. రౌటర్ ఆగిపోగానే ఏ కబురూ నాకు చేరేది కాదు, ఉదయం ఏడున్నర వరకు ఏ గదిలోనూ కదలిక లేకపోతే హెచ్చరించమని మేము పెట్టిన నియమం మోగేది. ఇంట్లో కదలిక లేకపోవడానికీ, కదలికను చెప్పే దారి లేకపోవడానికీ తేడా యాప్ చెప్పదు. పెట్టె చివరిసారి ఎప్పుడు ఇంటర్నెట్‌లో కనబడిందో లోపల వేరే పేజీలో ఉంటుంది, ముందు అది చూడటం నేర్చుకున్నాను. 1,600 రూపాయలు పెట్టి రౌటర్‌కూ ఆ పెట్టెకూ కలిపి చిన్న బ్యాకప్ కొన్నాక ఈ బెడద చాలావరకు పోయింది.

హెచ్చరిక నిజమైతే వెళ్లేది ఎవరు అన్న ప్రశ్నకు మాకు పక్కింటి మాస్టారుగారు దొరికారు. తాళంచెవి ఇచ్చాం. ఫిబ్రవరి 2న ఒకసారి ప్రయత్నించి చూద్దామని, రాత్రి తొమ్మిదింటికి మీట నొక్కించాను. ఆయన నాలుగు నిమిషాల్లో వచ్చారు, తాళంచెవి తిప్పారు, తలుపు మాత్రం రాలేదు. అమ్మ లోపలి నుంచి గడియ వేసుకుని ఉంది. ఒంటరిగా ఉండే ఆడమనిషి గడియ వేసుకోకుండా ఎలా పడుకుంటుంది? వడ్రంగిని పిలిచి గడియ తీయించి, లోపల ఉన్నవారు తాళం వేసుకున్నా బయటి నుంచి చెవితో తెరవగలిగే తాళం పెట్టించాం. 2,800 రూపాయలు. ఇన్ని సెన్సర్లు కొంటూ మేము ముగ్గురం గడియ గురించి ఆలోచించలేదు. అంతటితో ఖర్చు 27,000 దాటింది.

ఇవన్నీ సరిచేయగలిగినవి. ఫిబ్రవరి రెండో వారంలో జరిగింది అలాంటిది కాదు. పడకగది సెన్సర్ మూడు రోజులు ఏ కదలికా చూపించలేదు, మిగతా గదులు మామూలే. బ్యాటరీ అయిపోయిందేమోనని పనిమనిషిని చూడమంటే, దాని మీద తుండుగుడ్డ వేలాడుతోందని చెప్పింది. హాల్లో రోబో ముఖం గోడకు తిప్పి ఉందట. నేను శనివారం రాత్రి రైలెక్కి వెళ్లాను. ఆదివారం, ఫిబ్రవరి 16న, కాఫీ తాగుతూ అమ్మ చెప్పింది. ఒకరోజు ఆమె హాల్లో చీర మార్చుకుంటుండగా రోబో తెర వెలిగి, తమ్ముడి ముఖం కనిపించిందట. వాడు ముందు మోగించకుండానే నేరుగా చూడగలిగే సదుపాయం అందులో ఉంది, అత్యవసరానికని వాడే పెట్టుకున్నాడు. వాడూ సిగ్గుపడి వెంటనే ఆపేశాడు, ఇద్దరూ దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. "నా ఇంట్లో నేను తలుపేసుకుని కూడా ఎవరైనా చూస్తున్నారేమోనని కొంగు సర్దుకోవాల్సి వస్తోందే" అంది. పడకగది సెన్సర్‌లో కెమెరా లేదని నేనన్నాను. "లేదని నువ్వు చెప్పావా, నేను అడిగానా?" అంది. నిజంగానే మేము ఏ పరికరం ఏం చూస్తుందో, ఏం చూడదో ఆమెకు ఒక్కటీ వివరించలేదు.

ఆ రోజు ఒక్కొక్క పరికరం ముందూ నిలబడి చెప్పాను. కదలిక సెన్సర్‌కు తెలిసేది ఈ గదిలో ఎవరో కదిలారన్నంతవరకే, ఎవరన్నదీ తెలియదు, మాట వినదు. తలుపు సెన్సర్‌కు తలుపు సంగతే తెలుసు. స్నానాలగది రాడార్‌కు బొమ్మ తెలియదు, ఎత్తు తెలుసు. ఆమె ఫోనులోనూ అదే యాప్ వేసి, మాకు కనిపించేదంతా ఆమెకూ కనిపించేలా పెట్టాను. కాసేపు గదుల్లో తిరుగుతూ, తాను తిరగడం ఫోనులో చూసుకుని నవ్వింది. తర్వాత తన షరతులు చెప్పింది. కెమెరా ఉన్నది వద్దు. పడకగదిలో ఏదీ వద్దు. మెడలో వేసుకునే మీట వద్దు, స్నానానికి ఎలాగూ తీసి మేకుకు తగిలిస్తుంది కాబట్టి. దాని బదులు రెండు మీటలనూ స్నానాలగదిలోనూ పెరట్లోనూ గోడకు అడుగు ఎత్తులో, పడి ఉన్నా చేయి అందేలా పెట్టమంది. అది నాకు తట్టని ఆలోచన. ఒకసారి రెండున్నర గంటలు అక్కడ పడి ఉన్న మనిషికే తడుతుంది.

రోబోకు నేను అన్యాయం చేయకూడదు. అమ్మ దాన్ని "బుజ్జిగాడు" అనేది. మొదటి నెలలో దానితో సరదాగానే ఉంది. పక్కింటి పిల్లలు దాని కోసమే వచ్చేవాళ్లు, ఆ సాయంత్రాలు ఇల్లు సందడిగా ఉండేదని చెప్పింది. అయితే దానికి తెలుగు రాదు. ఇంగ్లీషులో నీళ్లు తాగమంటుంది, మందు వేసుకోమంటుంది. అమ్మ తన చిన్నప్పటి సంగతులు చెబితే వాతావరణం గురించి చెబుతుంది. పిల్లలు రావడం తగ్గాక అది మూలన ఉండిపోయింది. ఏప్రిల్‌లో తమ్ముడు చందా ఆపేశాడు. మొన్న వెళ్లినప్పుడు చూస్తే దుమ్ము పడకుండా దాని మీద పాత జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. తీసేద్దామా అంటే, "ఉండనీ పాపం" అంది.

మే నెలలో ఎండలు 42 డిగ్రీలు దాటిన రోజుల్లో కదలిక సెన్సర్లు మధ్యాహ్నం పూట మొండికేశాయి. అవి మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ ఉన్న తేడాతో పనిచేస్తాయి. గోడలే ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తే ఎదురుగా నడిచినా గుర్తించవు. వేసవిలో వీటిని పూర్తిగా నమ్మకూడదు. ఆ నెల మధ్యాహ్నం హెచ్చరికలు ఆపేసి మూడింటికి నేనే ఫోను చేశాను.

జూన్ 9న మాత్రం వాటి వల్ల నిజంగా మేలు జరిగింది. అమ్మ రాత్రిపూట సాధారణంగా రెండుసార్లు లేస్తుంది. 7, 8 తేదీల్లో ఐదేసి సార్లు, 9 తెల్లవారేసరికి ఏడుసార్లు స్నానాలగది సెన్సర్ మోగినట్టు చూశాను. ఫోనులో అడిగితే ఏం లేదంది. మాస్టారుగారి భార్యను తోడిచ్చి ఆసుపత్రికి పంపాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఈ వయసులో అది ముదిరితే మతి తప్పి మాట్లాడటం, తూలి పడటం జరుగుతాయని, జ్వరం రాకముందే రావడం మంచిదైందని డాక్టరమ్మ అన్నారు. వారం రోజుల మందులతో తగ్గింది. నేను గర్వంగా తమ్ముడికి ఫోను చేస్తే, వాడప్పటికే యాప్‌లో చూశానన్నాడు. ఆ మాట అమ్మ దగ్గర కూడా అన్నాడు. రెండు రోజులు ఆమె వాడి ఫోను ఎత్తలేదు. "నేను రాత్రి ఎన్నిసార్లు లేచానో అమెరికాలో మగపిల్లాడు లెక్కపెడుతున్నాడా" అని నాతో అంది. ఆమెను కాపాడిన అంకె, ఆమె తలదించుకునేలా చేసిన అంకె ఒక్కటే. ఆ సాయంత్రం యాప్‌లో అనుమతులు మార్చాం. తమ్ముడికి ఉదయం అమ్మ లేచిందన్న కబురూ, మీట నొక్కితే హెచ్చరికా మాత్రమే వెళతాయి. రాత్రి లెక్కలు నాకు ఒక్కదానికే. తమ్ముడు కొంచెం నొచ్చుకున్నాడు, ఒప్పుకున్నాడు.

ఆగస్టులో వరలక్ష్మీవ్రతానికి వెళ్లాను. తాంబూలాలూ వాయినాలూ అందుకున్న ముత్తైదువలంతా వెళ్లాక, వంటింట్లో గిన్నెలు సర్దుతూ అమ్మ మామూలుగా ఒక మాటంది. "ఇదివరకు పొద్దున్నే ఫోను చేసి, లేచావా అమ్మా అని అడిగేదానివి." నేను జవాబు చెప్పలేదు. తర్వాత ఫోనులో కాల్ జాబితా తీసి లెక్కపెట్టాను. పోయిన ఏడాది అక్టోబరులో అమ్మకు 34 సార్లు ఫోను చేశాను. ఈ జూలైలో 11 సార్లు. నేను మానేయాలని మానలేదు. పొద్దున ఆరింటికి వంటింట్లో కదలిక, ఆరుంపావుకు పెరటి తలుపు అని తెరమీద చూడగానే మనసు కుదుటపడేది, ఆ కుదుటపడటం కోసమే నేను ఇన్నాళ్లూ ఫోను చేస్తూ వచ్చానని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మకు మాత్రం ఆ ఫోను వేరే. లేచావా అన్న ప్రశ్న తర్వాతే ధర, వాన, కలలో నాన్న, అన్నీ వచ్చేవి.

హైదరాబాదు బయలుదేరేటప్పుడు ఆమె ఇంకో మాట అడిగింది. తలుపు సెన్సర్ ఒకటి ఎంతవుతుందని. 1,200 అని చెప్పాను. "ఒకటి నీ ఇంటి తలుపుకు పెట్టుకో. నువ్వు ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చావో నాకూ తెలియాలి" అంది. పరిహాసమనుకున్నాను. కాదు. సెప్టెంబర్ 6న మా ఫ్లాటు తలుపుకు పెట్టి, ఆమె ఫోనుకు కలిపాను. మావారు నవ్వారు. మొదటి రోజుల్లో ఆలస్యంగా తాళం తీస్తున్నప్పుడు నాకు ఒక ఇబ్బంది కలిగేది, ఎవరో గడియారం చూస్తున్నట్టు. అమ్మ ఎనిమిది నెలలు దానితో ఉంది.

పోయిన గురువారం ఆఫీసులో పని తెమలక, రాత్రి పది దాటాక మెట్రో దిగాను. పదీ నలభైకి ఫోను మోగింది. "ఏమే, ఇంకా తలుపు తెరుచుకోలేదు" అంది అమ్మ. నడుస్తూ మాట్లాడాను. ఇల్లు చేరి తలుపు తీసేదాకా ఆమె ఫోను పెట్టలేదు.